వాలు, దూరం, మధ్యబిందువు లెక్కల్లో మైనస్ గుర్తు: అపోహలు - వాస్తవాలు

చీపురుపల్లి దగ్గర సాయంత్రం పూట పదో తరగతి, ఇంటర్ ఫస్టియర్ పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. నిరూపక జ్యామితి వచ్చేసరికి పిల్లలందరూ సూత్రాలు గడగడా అప్పజెప్పేస్తారు, వర్క్‌షీట్ చూస్తే మాత్రం సగం జవాబులు తప్పు. ఆ తప్పులన్నీ ఒక దగ్గరే పుడతన్నాయి, రుణ సంఖ్యని తీసివేసే దగ్గర. అందుకని ఇప్పుడు ఒకే జత బిందువులిచ్చి మూడు ప్రశ్నలూ దానిమీదే అడుగుతున్నాను. నేను ఎక్కువగా వాడే జత ఇది:

C(−1, −2), D(3, −5)

ముందు కరెక్టుగా చేసేద్దాం. x ల తేడా 3 − (−1) = 4. y ల తేడా −5 − (−2) = −5 + 2 = −3. కాబట్టి వాలు −3/4, దూరం √(16 + 9) = 5, మధ్యబిందువు (1, −7/2). ఇంతే లెక్క. ఇప్పుడు పిల్లలు, అప్పుడప్పుడు వాళ్ళ అమ్మానాన్నలు కూడా నాతో అనే మాటలు చూద్దాం.

అపోహ: దూరం కరెక్టుగా వచ్చిందంటే తీసివేత వచ్చినట్టే.

కాదండి. నేనూ చాలా ఏళ్ళు ఇలాగే టిక్కులు పెట్టుకుంటూ పోయాను. దూరంలో తేడాని వర్గం చేస్తాం కదా, −3 రావాల్సిన చోట 3 వచ్చినా వర్గం 9 ఏ, జవాబు 5 ఏ. అంటే గుర్తు తప్పు దూరం లెక్కలో దాక్కుంటాది, అదే తప్పు వాలులోకి వెళ్ళేసరికి బయటపడిపోద్ది. ఒక అమ్మాయి పేపర్లో దూరం లెక్కలు పదికి పది కరెక్టు, వాలు లెక్కల్లో రుణ జవాబు ఒక్కటీ లేదు, అన్నీ ధనాత్మకమే. పేపరు వెలుతురుకి ఎత్తి చూస్తే మూడు చోట్ల మైనస్ రాసి మళ్ళీ రబ్బరుతో చెరిపేసిన మచ్చలు కనబడ్డాయి. ఎందుకు చెరిపావమ్మా అంటే "పెద్దదాంట్లోంచే కదా మాస్టారూ చిన్నది తియ్యాలి, మైనస్ వస్తే ఏదో తప్పు చేసేననుకున్నాను" అంది. ఆ పిల్ల మాటలోనే అసలు విషయం ఉంది, కింది తరగతుల్లో తీసివేత అంటే పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యడమే అని నేర్చుకుంది, అప్పటికది సరిపోయింది, ఇక్కడికొచ్చాక మాత్రం పనికిరాదు.

వాలుకి దిక్కు ఉంటాది. దానికి నేను పెంకుటింటి కప్పు గీసి చూపిస్తాను. ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే మొదట ఎక్కుతాం, నడికప్పు దాటాక దిగుతాం. రెండు వైపులా ఏటవాలు ఒకటే, కానీ ఒకటి ధన వాలు, రెండోది రుణ వాలు. ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే కప్పు రెండు వైపులా ఎక్కుతూనే ఉంటాది, అలాంటి ఇల్లు ఎక్కడైనా ఉంటాదా? C నుంచి D కి కుడివైపు నాలుగు గళ్ళు వెళ్తే కిందకి మూడు గళ్ళు దిగుతాం, కాబట్టి మైనస్ ఉండాల్సిందే.

అపోహ: ఏ బిందువు ముందు రాసినా ఫర్వాలేదు.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. D లోంచి C తీసినా, C లోంచి D తీసినా వాలు మారదు, రెండో పద్ధతిలో 3/(−4), అదీ −3/4 ఏ. కానీ పైన D లోంచి C తీసి కింద C లోంచి D తీస్తే −3/(−4), అంటే 3/4 అయిపోద్ది. పైన ఏ బిందువుతో మొదలెడితే కిందా దాంతోనే మొదలెట్టాలి. దూరానికి మాత్రం ఈ బాధ లేదు, మళ్ళీ ఆ వర్గమే కాపాడేస్తాది.

అపోహ: మైనస్ మైనస్ ప్లస్, అంతే.

ఈ ఒక్క మాట నోటికొచ్చేసిన పిల్లలు రెండు మైనస్‌లు ఎక్కడ కనబడినా ప్లస్ చేసేస్తారు. −5 − (−2) లో రెండు గుర్తులు పక్కపక్కన ఉన్నాయి, రుణ సంఖ్యని తీసేస్తున్నాం, కాబట్టి అది −5 + 2 అవుతాది, ఇది న్యాయమే. మధ్యబిందువు దగ్గర −2 + (−5) అంటే −2 − 5, ఇక్కడ రెండు మైనస్‌లు కనబడ్డాయని 7 వేసేస్తారు, అది −7. నేలమీద సుద్దముక్కతో సంఖ్యారేఖ గీసి −2 మీద నిలబెట్టి ఎడమకి ఐదు అడుగులు వెయ్యమంటే −7 మీదకి వెళ్ళి నిలబడతారు, అప్పుడు వాళ్ళకే అర్థమవుతాది.

మధ్యబిందువుకి ఇంకో పరీక్ష కూడా ఉంది, జవాబు రెండు నిరూపకాల మధ్యలోనే పడాలి. −2 కి −5 కి మధ్యలో 7/2 ఉండదు కదా. కొందరు వాలు చేసిన ఊపులో ఇక్కడా తీసేసి y నిరూపకం −3/2 అంటారు, అది కూడా −2, −5 ల మధ్యలో లేదు, వెంటనే దొరికిపోద్ది. మధ్యబిందువు అంటే సగటు, కూడి రెండుతో భాగించాలి.

అపోహ: తప్పు జవాబు తప్పే, దాన్ని చూసి తెలిసేదేం లేదు.

నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్ద అపోహ అనిపిస్తాది. పైన జత ఊరికే తీసుకోలేదు, ఏ తప్పు చేస్తే ఏ వాలు వస్తాదో ముందే వేసి చూసుకున్నాను. వాలు −7/2 వచ్చిందంటే బ్రాకెట్లు పెట్టలేదు, −5 − 2 అనీ 3 − 1 అనీ రాసేసేడు. −7/4 వచ్చిందంటే బ్రాకెట్ పెట్టేడు, గుర్తూ మార్చేడు, కానీ −5 + 2 ని −7 అనుకున్నాడు, అంటే ఇబ్బంది నిరూపకాల్లో కాదు, ఏడో తరగతి పూర్ణసంఖ్యల్లో. ఈ ఇద్దరికీ ఒకే పాఠం మళ్ళీ చెప్తే ఒకడికి టైం వేస్టు. 3/4 వస్తే మాత్రం జవాబు ఒక్కటీ చూసి తేల్చలేం, పెద్దదాంట్లోంచి చిన్నది తీసినా అదే, వరస కలిపేసినా అదే, మధ్యలో స్టెప్పులు చూడాల్సిందే. దూరం √7 వచ్చిందంటే తేడా సరిగ్గానే కట్టేడు, కానీ (−3)² బదులు −3² అని రాసి 16 − 9 చేసేడు.

ఇదే (2, 1), (6, 4) లాంటి జత ఇస్తే? ఇందులో రుణ సంఖ్య లేదు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసినా కరెక్టే వస్తాది. మొదటి రెండు లెక్కలకి అలాంటివి సరిపోతాయి గానీ షీటంతా అవే ఉంటే పిల్లాడికి వచ్చిందో రాలేదో మనకి తెలీదు.

ఇప్పుడు నా షీట్లో ప్రతి లెక్క కిందా ఖాళీ బ్రాకెట్లు ముందే వేసి ఇస్తున్నాను, ఇలాగ:

```
x2 − x1 = (    ) − (    ) =
y2 − y1 = (    ) − (    ) =
```

సంఖ్యని దాని గుర్తుతో సహా ఆ బ్రాకెట్లో దింపాలి, ఈ రెండు లైన్లూ అయ్యేదాకా వాలు సూత్రం గానీ దూరం సూత్రం గానీ రాయకూడదు. నాలుగో షీట్ నుంచి బ్రాకెట్లు తీసేస్తాను. అప్పుడు కూడా వాళ్ళంతట వాళ్ళే బ్రాకెట్లు గీసుకుంటున్నారా లేదా అన్నది చూస్తాను, గీసుకోని వాళ్ళకి ఇంకో రెండు షీట్లు బ్రాకెట్లతోనే ఇస్తాను.