ఐరన్‌మ్యాన్ మోడ్: అపోహలు - వాస్తవాలు

కర్నూలు సి.క్యాంపులో నా గేమింగ్ సెంటర్‌కి వచ్చే పిల్లలు ఎక్కువగా అడిగేది 2012లో వచ్చిన ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’లోని ఐరన్‌మ్యాన్ గురించే. సైనికుల జట్టును నడిపిస్తూ, వంతులవారీగా గ్రహాంతరవాసులతో పోరాడే ఆట అది. అందుకే ఆ ఆటతోనే చెబుతాను.

అపోహ: పర్మాడెత్, ఐరన్‌మ్యాన్ ఒకటే.

వాస్తవం: ఎక్స్‌కామ్‌లో చనిపోయిన సైనికుడు ఏ మోడ్‌లోనైనా తిరిగి రాడు. అది పర్మాడెత్. మామూలు మోడ్‌లో పాత సేవ్ లోడ్ చేసి ఆ చావును చెరిపేయొచ్చు. ఐరన్‌మ్యాన్‌లో ఒక్కటే సేవ్ ఉంటుంది, దాన్ని ఆటే రాసుకుంటూ పోతుంది. శత్రువుల బలం మాత్రం పెరగదు, డిఫికల్టీని విడిగా ఎంచుకోవాలి.

అపోహ: గుండు తగిలే అవకాశం 65 శాతం ఉంటే కాల్చేయొచ్చు.

వాస్తవం: మొన్న ఒక డిగ్రీ కుర్రాడు నార్మల్ డిఫికల్టీలో ఆడుతున్నాడు. గోడ చాటున సెక్టాయిడ్ అనే శత్రువు ఒకటి ఉంది, దాని ప్రాణం 3. ఇద్దరు సైనికుల వంతు మిగిలింది, ఇద్దరికీ 65 శాతమే. ‘అన్నా, ఇద్దరిలో ఒకరిదైనా తగలదా?’ అన్నాడు. రెండూ తప్పే అవకాశం 0.35 × 0.35, అంటే 12 శాతం. ఒక్కసారికైతే చిన్నదే. కానీ ఇలాంటి సందర్భం పదిసార్లు వస్తే, కనీసం ఒకసారైనా రెండూ తప్పే అవకాశం 73 శాతం. మామూలు మోడ్‌లో ఆ ఒక్కసారిని లోడ్ చేసి దాటేస్తాం కాబట్టి అది మన లెక్కలోకే రాదు. ఐరన్‌మ్యాన్‌లో ఆ ఒక్కసారే మంచి సైనికుణ్ణి తీసుకుపోతుంది.

‘గ్రెనేడ్ వెయ్యప్పా’ అన్నాను. దాని గురి తప్పదు, 3 నష్టం చేస్తుంది, సెక్టాయిడ్ చస్తుంది. అయితే పేలుడుతో చంపితే పరిశోధనకు పనికొచ్చే ఆయుధపు ముక్కలు దక్కవు. లోడ్ చేసుకునే వీలుంటే ముక్కల కోసం కాలుస్తాం. లేనప్పుడు ముక్కలు వదులుకుని మనిషిని కాపాడుకుంటాం. అలాగే తెలియని చోటికి వంతులో మొదటి సైనికుణ్ణే పంపాలి. ఆఖరివాడు వెళ్లి కొత్త శత్రువుల గుంపును లేపితే జవాబు చెప్పడానికి ఎవరూ మిగలరు.

అపోహ: సరదాగా ఆడేవాళ్లకు ఇది వద్దు.

వాస్తవం: మొదటిసారి ఆడేటప్పుడు మాత్రం వద్దంటాను. క్రిసాలిడ్ అనే శత్రువు చంపిన మనిషి జాంబీగా లేస్తాడని తెలియక ఓడిపోతే మీ నిర్ణయంలో తప్పేం లేదు, టెన్షన్ తప్ప నేర్చుకునేదీ తక్కువే. అన్ని రకాల శత్రువులనూ ఒకసారి చూశాక నార్మల్‌లో ఐరన్‌మ్యాన్ పెట్టండి. రోజుకు గంట దొరికేవాళ్లకు బ్రాంజ్‌మ్యాన్ ఇంకా నయం. ఇది ఆటగాళ్లు పెట్టుకున్న నియమం: మిషన్ మధ్యలో లోడ్ చేయకూడదు, కావాలంటే మిషన్ మొత్తాన్ని మొదటి నుంచి ఆడాలి.

ఇంకొకటి, సేవ్ రాస్తుండగా కరెంటు పోతే ఆ ఒక్క ఫైలూ పాడవ్వొచ్చు. ఎండాకాలంలో యూపీఎస్ లేకుండా ఆడేవాళ్లు ప్రతి మిషన్ తర్వాత ఆట మూసేసి, సేవ్ ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేసుకోండి. ఫైలు పాడైనప్పుడు తప్ప ఆ కాపీని ముట్టుకోకండి.