గోడ చిత్రాన్ని ముక్కలుగా ఫొటో తీసి అతికించడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉదయగిరి వైపు ఒక ఊళ్లో పాత గుడి మండపం ఉంది. దాని లోపలి గోడ మీద రామాయణ ఘట్టాలు గీసి ఉన్నాయి. మండపానికి మరమ్మతులు మొదలుపెట్టేలోపు ఆ గోడను ఉన్నదున్నట్టు ఫొటోగా దాచాలని ఊరివాళ్లు నన్ను పిలిచారు. గోడ మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. ఈ పని గురించి నేను తరచూ వినే మాటలకు అక్కడి అనుభవంతోనే జవాబు చెప్తాను.

అపోహ: మంచి కెమెరా ఉంటే ఒక్క ఫొటో చాలు.

పూజారి గారు మొదటి రోజే అడిగారు. "ఏం నాయనా, ఒక్క గోడకి వంద ఫొటోలా? దూరంగా నిలబడి ఒకటి తీస్తే పోలా?"

దూరం నుంచి తీస్తే బొమ్మ మొత్తం వస్తుంది కానీ గీత రాదు. అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటేనే కుంచె వెంట్రుక లాగిన గీత, రంగు పొరలో సన్నని పగులు విడిగా కనిపిస్తాయి. ఆ లెక్కన నా 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక్కసారికి 51 సెంటీమీటర్ల వెడల్పు, 34 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే పట్టగలదు. పక్క ఫ్రేముతో 40 శాతం కలిసేలా తీస్తే వరుసకు 10 చొప్పున 10 వరుసలు, అంటే 100 ఫ్రేములు. అతికించాక వచ్చేది 83 కోట్ల పిక్సెళ్ల పైచిలుకు బొమ్మ. దాన్ని ఒక్కో రంగుకు 16 బిట్ల చొప్పున దాస్తే 5 జీబీ దాటుతుంది. మామూలు టిఫ్ ఫైలు 4 జీబీ వరకే పడుతుంది కాబట్టి బిగ్‌టిఫ్‌గా దాచాలి.

అపోహ: ట్రైపాడ్ మధ్యలో పెట్టి కెమెరాను అటూ ఇటూ తిప్పితే సరిపోతుంది.

కొండ మీద నుంచి పెన్నానదిని పనోరమా తీయడానికి అది సరైన పద్ధతే. గోడకు పనికిరాదు. ఒకటిన్నర మీటర్ల దూరంలో, గోడ మధ్యకు ఎదురుగా నిలబడ్డామనుకోండి. గోడ చివరను చూడాలంటే కెమెరాను 45 డిగ్రీలు తిప్పాలి. అప్పుడు దూరం రెండు మీటర్లు దాటిపోతుంది, పైగా గోడ ఏటవాలుగా కనిపిస్తుంది. రెండూ కలిసి అడ్డంగా వివరాన్ని సగానికి తగ్గిస్తాయి. మధ్యలో 300 ఉన్నది అంచుకు వచ్చేసరికి 150 అవుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని సాగదీసి చదును చేయగలదు కానీ లేని గీతను తెచ్చిపెట్టలేదు.

అందుకే కెమెరాను గోడకు సమాంతరంగా జరుపుతూ తీయాలి. నేను నేల మీద సుద్దతో గీత గీసి, 30 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టుకుంటాను. ఒక వరుస అయ్యాక ఎత్తు 20 సెంటీమీటర్లు మారుస్తాను. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మొదటి ఫ్రేములోనే బిగించేస్తాను, ఆఖరిదాకా ముట్టుకోను. తలుపులోంచి వచ్చే ఎండ గంటకో రంగు మారుస్తుంది కాబట్టి ఆ మండపంలో పనంతా రాత్రిపూట, మా లైట్ల వెలుగులోనే చేశాం.

అపోహ: అతుకు కనిపించలేదంటే సరిగ్గా అతికినట్టే.

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఈ మాటకే. అతుకు కనిపించకుండా చేయడం బ్లెండింగ్ పని. ఆ పని తప్పుగా కూర్చిన ఫ్రేముల మీద కూడా అంతే బాగా జరుగుతుంది.

ఆ గోడ అడుగున ఒక అంచు పట్టీ ఉంది. అందులో పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 27 తామరపూలు, అచ్చు పెట్టి దించినవి, అన్నీ ఒకేలా ఉంటాయి. పట్టీకి పైన ఇరవై సెంటీమీటర్ల మేర ఒట్టి ఎర్రరంగు పూత. దానిపైనే అసలు బొమ్మలు మొదలవుతాయి. ఫొటోలు అతికించే హగిన్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చాక, రెండు ఫ్రేముల్లో ఒకే చోటని జత కట్టిన కంట్రోల్ పాయింట్ల మధ్య సగటు తేడా మూడు పిక్సెళ్ల లోపే చూపించింది. ఎక్కడా అతుకు లేదు. కింద కుడి మూలలో మాత్రం సన్నని ఖాళీ వచ్చింది. అక్కడ ఉన్నది ఒట్టి సున్నం గోడే కదా అని కత్తిరించేశాను.

ప్రింటు చూసి పూజారి గారు వేలు పెట్టి చూపించారు. "ఏనుగు కాలి కింద మేకు గుంటున్న పువ్వు ఉండాలి కదా నాయనా, పక్కకి జరిగిందేంటి?"

లెక్కపెడితే ప్రింటులో 26 పూలే ఉన్నాయి.

జరిగింది ఇది. పక్కపక్క ఫ్రేములు రెండింటిలో కలిసే భాగం 20 సెంటీమీటర్లు, అంటే రెండు పూలు. ఒకచోట సాఫ్ట్‌వేర్ ఒక పువ్వును దాని పక్క పువ్వుతో జత కట్టేసింది. అచ్చు ఒకటే కాబట్టి పాయింట్లన్నీ చక్కగా కుదిరాయి, తేడా పెద్దగా చూపలేదు. అక్కడి నుంచి కుడివైపున్న పట్టీ మొత్తం పది సెంటీమీటర్లు ఎడమకు జరిగింది. పై వరుస దాన్ని ఆపి ఉండాల్సింది. కానీ నా అడుగు వరుసలో, దాని పై వరుసలో కలిసే భాగం మొత్తం ఆ ఎర్ర పూతలోనే పడింది. అక్కడ పట్టుకోవడానికి ఒక్క గీత కూడా లేదు. మూలలో వచ్చిన ఖాళీ ఆ పది సెంటీమీటర్లే.

మళ్లీ వెళ్లాను. ఈసారి కెమెరాను నిలువుగా తిప్పి అడుగున ఒక అదనపు వరుస తీశాను, పదిహేను ఫ్రేములు. ఒక్కో ఫ్రేము 51 సెంటీమీటర్ల ఎత్తు కాబట్టి పట్టీ, ఎర్ర పూత, దానిపైన బొమ్మల కాళ్లు మూడూ ఒకే ఫ్రేములో వచ్చాయి. పట్టీలో సాఫ్ట్‌వేర్ పెట్టిన పాయింట్లన్నీ తీసేసి, చేత్తో కొత్తవి పెట్టాను. పూల మీద పెట్టలేదు. రంగు ఊడిన మచ్చలు, పగుళ్ల మలుపులు, ఆ మేకు గుంట, ఇలా రెండోది లేని వాటి మీదే పెట్టాను. 27 పూలూ వచ్చాయి.

ఇప్పుడు ఏ గోడ దగ్గరైనా కెమెరా తీసేముందు, మళ్లీ మళ్లీ వచ్చే పూలు, హంసలు, స్తంభాలు ఎన్నో లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటాను. టేపుతో నాలుగు అంచులు, రెండు మూలగీతలు కొలుస్తాను. వరుసల మధ్య కలిసే భాగం ఒట్టి పూత మీద పడకుండా ముందే చూసుకుంటాను. గుర్తులు కావాలంటే చిత్రానికి బయట, ఒట్టి గోడ మీద మాత్రమే అంటిస్తాను. చిత్రం మీద టేపు ముక్క కూడా పెట్టకూడదు, తీసేటప్పుడు రంగు దాంతోపాటే వస్తుంది.

అపోహ: గోడ చదునుగానే ఉంటుంది కాబట్టి వచ్చిన బొమ్మ మీద కొలతలు తీసుకోవచ్చు.

పాత సున్నపు గోడలు ఉబ్బుతాయి. మా గోడ నడుమ రెండు సెంటీమీటర్ల ఉబ్బు ఉంది. ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి, కెమెరా 30 సెంటీమీటర్లు జరిగినప్పుడు, ఆ ఉబ్బు మీది గీత పక్క ఫ్రేములో సుమారు నాలుగు మిల్లీమీటర్లు తప్పి కనిపిస్తుంది. అంటే దాదాపు 48 పిక్సెళ్లు. అలాంటి చోట ఒకే గీత రెండుగా నీడలా వస్తుంది, లేదా ముఖంలో ముక్కు విరిగినట్టు కనిపిస్తుంది. కెమెరా జరిపే దూరం సగం చేస్తే తప్పు కూడా సగమవుతుంది. ఉబ్బు అంతకన్నా ఎక్కువుంటే, ఈ చదును అతుకుల పద్ధతి వదిలేసి, ఫ్రేములు 60 నుంచి 80 శాతం కలిసేలా తీసి, ఫొటోగ్రామెట్రీతో ముందు గోడ ఆకారం కట్టి, దాని మీద బొమ్మ పరచాలి. ఆ గోడ నడుమ భాగం వరకు నేను పదిహేను సెంటీమీటర్లకే జరుపుతూ మళ్లీ తీశాను. దాంతో సీతమ్మ ముఖం దగ్గర రెండుగా వచ్చిన కాటుక గీత ఒక్కటైంది. మూలగీత కొలతలో టేపుకీ బొమ్మకీ ఇంకా ఆరు మిల్లీమీటర్ల తేడా మిగిలింది. ఆ సంగతి ఫైలుతోపాటు ఇచ్చిన కాగితంలో రాసి ఇచ్చాను.