వీడియోకాల్‌లో కనిపించాడుగా, ఇంకేం అనుమానం? ప్రేమ మోసాల ఫోటోలపై అపోహలు - వాస్తవాలు

పెళ్ళి సంబంధమనో ప్రేమనో నమ్మించి డబ్బు లాగే మోసాల్లో ఫోటోలు, ఖాతాలు సరిచూసి పెట్టడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఏదో ఒక పరీక్ష అప్పటికే చేసి ఉంటారు. ‘గూగుల్‌లో వెతికాం, ఏమీ రాలేదు’ అంటారు. లేదంటే ‘వీడియోకాల్ చేశాం, అదే మొహం’ అంటారు. ఆ ధైర్యంతోనే డబ్బు పంపి ఉంటారు. ఫోటో ఇంకెక్కడైనా ఉందా అన్నది వెతుకులాట చెబుతుంది. ఆ మొహం ఉన్న మనిషి ఇప్పుడు ఎదురుగా ఉన్నాడా అన్నది వీడియోకాల్ చెబుతుంది, అదీ సరిగ్గా చేస్తేనే. వాడి పేరు, ఉద్యోగం, ఊరు నిజమా కాదా అన్నది ఈ రెండూ చెప్పవు.

అపోహ: ఫోటోనే పెట్టి వెతికే రివర్స్ సెర్చ్‌లో అది దొరకలేదంటే అది వాడి సొంత ఫోటోనే.

వాస్తవం: వేరే పేరుతో దొరికితే మోసం బయటపడ్డట్టే. దొరకకపోతే మాత్రం ఏమీ తేలనట్టు. ప్రైవేటుగా పెట్టుకున్న ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఫోటోలు సెర్చ్ ఇంజన్లకు కనిపించవు. దొంగ అక్కణ్ణించి తెచ్చుకుంటే గూగుల్‌కి ఆ ఫోటో ఉందనే తెలియదు.

ఈ మధ్య చూసిన ఒక కేసు చెబుతాను. మనుషుల్ని గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. గుంటూరు జిల్లాలో ఒక టీచరమ్మ, రెండో పెళ్ళి కోసం మ్యాట్రిమోనీలో ప్రొఫైల్ పెట్టుకుంది. ఎడిన్‌బరోలో ఎముకల డాక్టర్ననీ, మాది తెనాలి అనీ ఒకతను పరిచయమయ్యాడు. నాలుగు ఫోటోలు పంపాడు: తెల్లకోటులో ఒకటి, కారు నడుపుతూ ఒకటి, కుక్కపిల్లతో ఒకటి, ఏదో పార్టీలో ఒకటి. ఆమె అన్నయ్య తెల్లకోటు ఫోటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే కోట్లు, స్టెతస్కోపులు అమ్మే షాపులు వచ్చాయట. లెన్స్ తరచూ చేసే పనే అది. మొహం కన్నా వస్తువుల మీదే దాని చూపు ఎక్కువ. మామూలు మనిషి మొహం చూసి పేరు చెప్పడం దాని పని కాదు.

నేను మొదట చూసింది కారు ఫోటో. స్టీరింగ్ కుడివైపు ఉంది. బ్రిటన్‌లో ఉండాల్సింది అటే కాబట్టి ఇంట్లోవాళ్ళకి అనుమానం రాలేదు. కానీ అతని టీషర్టు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఫ్రంట్ కెమెరా సెల్ఫీల్లో ఒక్కోసారి ఇలా వస్తుంది, అదొక్కటే మోసానికి రుజువు కాదు. అయితే ఫోన్ గ్యాలరీలోనే ఎడిట్‌లోకి వెళ్ళి ఫోటోని అడ్డంగా తిప్పితే అక్షరాలు సరిగ్గా వచ్చాయి, స్టీరింగ్ ఎడమవైపుకి పోయింది. అంటే ఆ కారు బ్రిటన్ రోడ్ల కోసం తయారైనది కాదు. ఫోటోని కెమెరా తిప్పినా, దొంగే తిప్పినా ఆ సంగతి మారదు.

మోసగాళ్ళు కావాలని తిప్పే సందర్భాలు చాలా ఉంటాయి. ఎడమ కుడి మారిస్తే, అంచులు బాగా కత్తిరిస్తే, రంగు మారిస్తే కొన్ని సెర్చ్ ఇంజన్లు ఆ ఫోటోని పోల్చుకోలేవు. అందుకే ఒక ఫోటోని నేను ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి, తిప్పి ఒకసారి, మొహం వరకే కత్తిరించి ఒకసారి, మొహం తీసేసి వెనకున్న గోడ, బోర్డు మాత్రమే ఉంచి ఒకసారి వెతుకుతాను. ఎక్కడ వెతుకుతున్నామన్నది కూడా ముఖ్యమే. tineye.com అదే ఫోటో కాపీలను పట్టుకుంటుంది, అదే మనిషి వేరే ఫోటో ఉన్నా పట్టించుకోదు. ఫలితాలను Oldest అని వరసపెడితే దాని కంటపడిన వాటిలో పాత కాపీ పైకి వస్తుంది. రష్యా సెర్చ్ ఇంజన్ యాండెక్స్ మొహం పోలికల మీద కూడా వెతుకుతుంది. పోలికలున్న వేరే మనుషుల్ని కూడా చూపిస్తుంది కాబట్టి చెవి ఆకారం, పుట్టుమచ్చ, పళ్ళ వరస చూసి గానీ అతనే అని అనకూడదు.

తెల్లకోటు ఫోటోని తిప్పి, మొహం వరకు కత్తిరించి యాండెక్స్‌లో పెడితే అమెరికాలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పేజీ వచ్చింది. మనిషి భారతీయుడే కానీ పేరు ఉత్తరాది పేరు. తెనాలికీ, ఎముకలకీ, ఎడిన్‌బరోకీ ఏ సంబంధమూ లేదు. కోటు జేబు మీద క్లినిక్ పేరు కుట్టి ఉంటే, మనవాడు పంపిన కాపీలో ఆ జేబు కనిపించకుండా కత్తిరించేశాడు. మిగతా మూడు ఫోటోలు ఎంత వెతికినా దొరకలేదు. అన్నయ్య మొదట ఆ మూడింటిలో ఏదో ఒకటి పెట్టి ఉంటే ఫోటోలు శుభ్రంగా ఉన్నాయనే అనుకునేవాడు. వాళ్ళు పంపిన ప్రతి ఫోటోనీ విడివిడిగా వెతకమని నేను అడిగేది ఇందుకే.

అపోహ: వీడియోకాల్‌లో కనిపించాడు కాబట్టి మనిషి నిజం.

వాస్తవం: ఆ టీచరమ్మకి వీడియోకాల్ కూడా వచ్చింది. చీకటి గది, అదే మొహం, నవ్వుతూ తల ఊపాడు. మాట వినపడలేదు. అర నిమిషం లోపే కట్ అయింది. ‘హాస్పిటల్‌లో నెట్‌వర్క్ బాలేదు’ అని మెసేజ్ పెట్టాడు. ఆమెకి అది చాలనిపించింది. మొహం చూసిందిగా మరి.

ఆ అర నిమిషంలో ఆమె ఏం అడిగింది, అతను దానికి ఏం చేశాడు అని నేను అడిగాను. ‘భోజనం అయిందా’ అని అడిగిందట, అతను నవ్వుతూనే ఉన్నాడట. ఎవరి ఇన్‌స్టాగ్రామ్ నుంచో తీసుకున్న రీల్‌ని ఇంకో ఫోన్‌లో ఆడించి కెమెరా ముందు పెడితే ఇలాగే ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే ఓబీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసిన వీడియోనే కెమెరా బొమ్మగా పంపొచ్చు. వీడియో తన దారిన తను ఆడుతుంది. మన మాటకి తగ్గట్టు మారదు.

అందుకే కాల్‌లో మొహాన్ని కాదు, జవాబుని చూడాలి. అతను ముందుగా ఊహించలేని చిన్న పని అడగండి. ‘ఎడమ చెయ్యి మొహం మీదుగా మెల్లగా పోనివ్వండి’, ‘పూర్తిగా పక్కకి తిరగండి’, ‘కిటికీ దగ్గరికి వెళ్ళి బయట చూపించండి’. మూడోది నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది మొహాన్నే కాదు, ఊరిని కూడా పరీక్షిస్తుంది. మనకి రాత్రి పది అయితే ఎడిన్‌బరోలో సాయంత్రం నాలుగున్నర, ఎండాకాలంలో ఐదున్నర. జూన్‌లో అక్కడ ఆ వేళకి ఎండ కాస్తూ ఉండాలి, డిసెంబరులో చీకటి పడిపోయి ఉండాలి. కాల్ టైమ్ కూడా మీరే, అప్పటికప్పుడు చెప్పాలి. ‘ఆదివారం తొమ్మిదికి చేస్తాను’ అని వాళ్ళు చెప్పే కాల్‌కి వాళ్ళు తయారై వస్తారు.

ఒక జాగ్రత్త. తెలియనివాళ్ళతో మొదటి కాల్‌లో మీ కెమెరా ఆపేసే ఉంచండి. అవతల నగ్న వీడియో ఆడించి, మీ మొహంతో కలిపి స్క్రీన్ రికార్డు చేసి బెదిరించడం మన దేశంలో బాగా నడుస్తున్న దందా. పరీక్ష మీరు చేస్తున్నారు, వాళ్ళకి మీ మొహం అక్కర్లేదు.

అపోహ: ఇప్పుడు మొహం మార్చి చూపే డీప్‌ఫేక్‌లు వచ్చాయి కాబట్టి వీడియోకాల్ పరీక్షే దండగ.

వాస్తవం: దండగ కాదు, కానీ దాని హద్దు తెలియాలి. 2024 అక్టోబరులో హాంకాంగ్ పోలీసులు ఒక ప్రేమ మోసాల ముఠాకి చెందిన 27 మందిని అరెస్టు చేశారు. ఆ ముఠా డీప్‌ఫేక్ మొహాలతో వీడియోకాల్స్ చేసి 36 కోట్ల హాంకాంగ్ డాలర్ల పైనే కాజేసింది. బాధితుల్లో భారతీయులు కూడా ఉన్నారు. మొహం మార్చే సాఫ్ట్‌వేర్ చాలావరకు ఎదురుగా ఉన్న మొహం మీద బాగా పనిచేస్తుంది. చెయ్యి అడ్డం వచ్చినప్పుడు వేళ్ళ అంచుల్లో మొహం చెదరడం, పూర్తిగా పక్కకి తిరిగితే చెవి దగ్గర, దవడ దగ్గర చర్మం వణకడం కనిపిస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్లు వీటిని దాటేస్తున్నాయి. కాబట్టి తప్పు కనిపిస్తే మోసం అనుకోండి, కనిపించకపోతే నిజం అనుకోకండి.

డీప్‌ఫేక్ లేకుండా కూడా పరీక్ష నెగ్గే దారి ఉంది, జనం దాన్ని తక్కువ తలుస్తారు. కంబోడియా, మయన్మార్ వైపు మోసాల కేంద్రాల్లో వీడియోకాల్స్ కోసమే జీతానికి మోడల్స్‌ని పెట్టుకుంటారు. ఫోటోలు నిజంగా ఆ మోడల్‌వే, కాల్‌లో మనిషీ నిజమే, కథ మాత్రం అబద్ధం. మెసేజ్‌లు రాసేది పక్క గదిలో కూర్చున్న ఇంకొకరు. వాళ్ళలో మనవాళ్ళు కూడా ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్ళని కంబోడియా పంపిన ఏజెంట్లను 2024లో విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ ఆ కుర్రాళ్ళ చేత చేయించింది ఆన్‌లైన్ మోసాలే.

మొహం నిజమే అయినా కథ అబద్ధం కావచ్చు కాబట్టి పేరునీ ఉద్యోగాన్నీ అవి నమోదయ్యే చోటే వెతకాలి. బ్రిటన్‌లో వైద్యం చేసే ప్రతి డాక్టరు పేరూ జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉంటుంది, ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మన తెనాలి డాక్టరు పేరు అందులో లేదు. ఒకవేళ ఉన్నా అది వేరే డాక్టరు పేరు అరువు తెచ్చుకున్నది కావచ్చు. అప్పుడు హాస్పిటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేయాలి, అతను ఇచ్చిన నంబరుకి కాదు.

అపోహ: ఫోటో దొరికింది కాబట్టి ఫోటోలో ఉన్నవాడే దొంగ.

వాస్తవం: ఆ పళ్ళ డాక్టరుకి ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు. ఇలాంటివాళ్ళ ఖాతాల్లోకి వెళ్ళి జనం తిట్టిపోయడం నేను చూశాను. అమెరికా సైనికుల ఫోటోలు పెట్టుకుని ‘సెలవు కోసం డబ్బు కట్టాలి’ అని ఎంతగా అడిగారంటే, సెలవు పెట్టుకోవడానికి సైనికుడు ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదని అక్కడి ఆర్మీయే ప్రకటనలు ఇవ్వాల్సి వచ్చింది.

దొరికిన పేజీని దొంగకి చూపించి నిలదీయాలని అందరికీ అనిపిస్తుంది. ‘నా ఫోటోలే అతను దొంగిలించాడు’ అన్న జవాబు వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ తర్వాత ఖాతా మాయమవుతుంది, దాంతోపాటు మీ దగ్గరున్న ఆధారాలూ పోతాయి. టీచరమ్మ అప్పటికే ఒక పార్సిల్‌కి కస్టమ్స్ సుంకమని ఎవరిదో సొంత ఖాతాలోకి రూ. 38,000 పంపింది. నిలదీసే ముందు ప్రొఫైల్ లింకు, ఫోన్ నంబరు, మొత్తం చాట్, డబ్బు పోయిన ఖాతా నంబరు, బ్యాంకు మెసేజ్‌లో ఉండే యూటీఆర్ అనే లావాదేవీ నంబరు దాచుకోమన్నాను. డబ్బు వెళ్ళి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు రాయాలి. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటేనే బ్యాంకు ఆపగలదు కాబట్టి ఫోటో ఎవరిదో తేలేదాకా ఆగకండి.