పైపులో నిలిచిపోయే ఐదు లీటర్లు

మిద్దె మీది సోలార్ ట్యాంకులో నీళ్లు సలసలా కాగుతున్నంత వేడిగా ఉన్నా, తెల్లవారి కుళాయి తిప్పితే ముందు వచ్చేవి చన్నీళ్లే. అవి రాత్రంతా పైపులో నిలిచి చల్లారిన నీళ్లు. ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు లోపలి వ్యాసం దాదాపు 18 మిల్లీమీటర్లు కాబట్టి మీటరుకు పావు లీటరు పడుతుంది. ట్యాంకు నుంచి బాత్‌రూమ్‌కి పైపు 20 మీటర్లు ఉంటే, వేడినీళ్లు రావడానికి ముందు 5 లీటర్లు వదిలేయాలి.

అరంగుళం పైపు వేస్తే ఇది సగానికి తగ్గుతుంది. కానీ రెండు మూడు మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒత్తిడి తక్కువ. అంత పొడవునా సన్న పైపైతే ధార సన్నబడిపోతుంది. అందుకే మెయిన్ లైను ముప్పావు, కుళాయికి దిగే చివరి ముక్క మాత్రం అరంగుళం. ఎక్కువ ఫలితం ఇచ్చేది మాత్రం ట్యాంకుని బాత్‌రూమ్‌కి నేరుగా పైన పెట్టడమే. పైపుకి తొడిగే ఫోమ్ రాత్రంతా వేడిని కాపాడలేదు. ఒకరి స్నానానికీ మరొకరి స్నానానికీ మధ్య మాత్రం బాగా పనిచేస్తుంది.

మబ్బు పట్టిన రోజు సంగతి చూద్దాం. సోలార్ ట్యాంకులోనే కాయిల్ పెడితే 200 లీటర్లూ కాగాలి. 25 డిగ్రీల నుంచి 55కి తేవడానికి దాదాపు 7 యూనిట్ల కరెంటు, 2 కిలోవాట్ల కాయిల్‌తో మూడున్నర గంటలు. దానికి బదులు బాత్‌రూమ్‌లో 15 లీటర్ల గీజర్ పెట్టి, సోలార్ లైను దాని ఇన్‌లెట్‌కి ఇస్తే అర యూనిట్, పావుగంట చాలు. ఎండ కాసిన రోజైతే, పైపులోని చన్నీళ్లు గీజర్ అడుగున చేరి, పైనున్న వేడినీళ్లను కుళాయికి నెడతాయి. వాటి వెనకే సోలార్ వేడినీళ్లు వస్తాయి. థర్మోస్టాట్ కాయిల్‌ని ఆపేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎండ బాగున్న రోజు గీజర్ ఆపేస్తే, అందులో చల్లారిన 15 లీటర్లు కూడా ముందు పోవాలి. అందుకని ఇన్‌లెట్‌కి ఒక వాల్వు, గీజర్‌ని దాటించే బైపాస్‌కి ఒక వాల్వు పెట్టండి. అవుట్‌లెట్‌కి మాత్రం వాల్వు పెట్టొద్దు. కాగిన నీళ్లు వ్యాకోచిస్తాయి, వాటికి దారి ఉండాలి. గీజర్ సేఫ్టీ వాల్వుని కూడా ఎప్పుడూ మూయకూడదు. సోలార్ నీళ్లు 70 డిగ్రీలు దాటి కూడా రావచ్చు కాబట్టి, గీజర్ ఆ వేడిని తట్టుకుంటుందో లేదో కొనేముందే అడగండి.

చన్నీళ్ల లైనుకి ప్రెషర్ పంపు ఉంటే ఇంకో తంటా. మిక్సర్‌లో రెండు పిడులూ తెరిచి, చేతి షవర్‌ని మాత్రం మూసేస్తే, ఒత్తిడి ఎక్కువున్న చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి ఎదురెక్కుతాయి. మిద్దె మీద ఎయిర్ వెంట్ గొట్టం నుంచి నీళ్లు కారుతుంటే, షవర్‌కి దగ్గర వేడినీళ్ల పైపు తాకి చూడండి. ఎండ కాసిన మధ్యాహ్నం కూడా అది చల్లగా ఉండి, మిక్సర్ పిడులు కట్టేయగానే కారడం ఆగిపోతే అదే కారణం. చన్నీళ్లు కూడా సోలార్‌కి నీళ్లిచ్చే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచే, పంపు లేకుండా తీసుకుంటే ఈ బెడద పోతుంది.