తెలుగు రాని బ్లూటూత్ కీబోర్డు

హనుమకొండలో మా చిన్నమ్మ వాళ్లింట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో ఒక పాత ల్యాప్‌టాప్ తగిలించి ఉంటుంది. పాట మార్చాలంటే ప్రతిసారీ లేచి వెళ్లాలి. అందుకే ఫోన్‌లో బ్లూటూత్ కీబోర్డు యాప్ వేసి జత చేశాను. తెర మీద వేలు జరిపితే టీవీలో బాణం కదిలింది, ఇంగ్లీషు అక్షరాలూ పడ్డాయి. చిన్నమ్మ ఫోన్ తీసుకుని తెలుగులో ‘మేడారం పాటలు’ అని కొట్టింది. ఒక్క అక్షరమూ రాలేదు.

“ఏందిరా, ఇంగ్లీషు వస్తున్నది, తెలుగు రాదేంది?”

యాప్ పాడైందేమో అనుకున్నాను గానీ కాదు. కీబోర్డు అసలు అక్షరాలను పంపదు, నొక్కిన మీట నంబరు పంపుతుంది. a మీట నంబరు 4, b ది 5, z ది 29. మామూలుగా ఇది 8 బైట్ల చిన్న చీటీలా వెళ్తుంది: మొదటి బైటులో షిఫ్ట్, కంట్రోల్ లాంటివి, రెండోది ఖాళీ, మిగతా ఆరింటిలో మీటల నంబర్లు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ కూడా ఇలాంటి చీటీలు పంపగలదు. కంప్యూటర్ దాన్ని నిజం కీబోర్డే అనుకుంటుంది, అటువైపు ఏ ప్రోగ్రామూ వేయక్కర్లేదు. చిక్కంతా ఇక్కడే. ఆ నంబర్ల పట్టికలో ‘మ’ అనే మీట లేదు. ఏ నంబరు పంపాలో తెలియక యాప్ దాన్ని వదిలేసింది.

మరి నంబరును అక్షరంగా మార్చేదెవరు? కంప్యూటరే. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేర్చి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి దానికి మారాను. ఇప్పుడు ఫోన్‌లో ఇంగ్లీషులోనే ఇలా కొట్టాను:

```
bjxind
```

టీవీ మీద ‘వరంగల్’ అని పడింది. b కి వ, j కి ర, x కి సున్న, i కి గ, n కి ల, d కి పొల్లు. చిన్నమ్మ ఒకసారి నవ్వి, “ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటరు?” అన్నది. న్యాయమే.

రెండో దారి వైఫై యాప్. దీనికి ల్యాప్‌టాప్‌లో దాని జోడీ ప్రోగ్రామ్ ఉండాలి, రెండూ ఒకే వైఫైలో ఉండాలి. యాప్ మీట నంబరుకు బదులు అక్షరపు యూనికోడ్ నంబరునే పంపేదైతే (‘మ’ది 3118) ఆ ప్రోగ్రామ్ దాన్ని నేరుగా తెర మీద పెడుతుంది. ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతోనే చిన్నమ్మ పాట వెతుక్కుంది. అన్ని యాప్‌లూ ఇలా పంపవు, కాబట్టి వేయగానే ఒక తెలుగు పదం కొట్టి చూడాలి. హాస్టల్ వైఫైలో అయితే ఫోన్‌కు ల్యాప్‌టాప్ అసలు కనబడకపోవచ్చు. కొన్నిచోట్ల రూటరే ఒక పరికరాన్ని ఇంకోదానితో మాట్లాడనివ్వదు.

వారం తర్వాత ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయి పాస్‌వర్డ్ అడిగింది. లాగిన్ కాకముందు ఆ జోడీ ప్రోగ్రామ్ ఇంకా మొదలవలేదు, వైఫై యాప్ ఉలకలేదు పలకలేదు. బ్లూటూత్ యాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాను.