జమ్ము చెప్పేది వేరు, చింత చెప్పేది వేరు: సీమ ఊరిపేర్లలో పాత నేల

పెన్న ఒడ్డునున్న జమ్మలమడుగు పేరును రెండుగా విడదీస్తే జమ్ము, మడుగు వస్తాయి. జమ్ము చాపలల్లే పొడవాటి నీటిగడ్డి. దాని వేళ్లకు ఏడాదిలో ఎక్కువకాలం నిలవనీరో బురదో ఉండాలి. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే ఏటి పక్కన ఇలాంటి పేరుందంటే, ఒకప్పుడు అక్కడ నీరు నిలిచే పల్లం ఉండేదని అనుకోవచ్చు. జమ్మిచెట్టు వల్ల వచ్చిన పేరనీ అనవచ్చు గానీ, జమ్మి మెట్టచెట్టు. పక్కనున్న 'మడుగు' జమ్ము వైపే మొగ్గుతుంది.

చెట్టుపేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదన్నది ఇందుకే. కర్నూలు జిల్లా మద్దికెరనే చూడండి. మద్దిలో ఏరుమద్ది వాగుల గట్ల మీద పెరుగుతుంది, నల్లమద్ది కొండల అడవిలో ఉంటుంది. 'మద్ది' అన్నంత మాత్రాన ఏదో తేలదు. 'కెర' మాత్రం కన్నడ 'కెరె', అంటే చెరువు. కాబట్టి ఏరుమద్దికే ఎక్కువ అవకాశం. ఆ సరిహద్దు పల్లెల్లో రెండు భాషలూ కలిసే మెలిగాయనడానికీ ఈ పేరు గుర్తే.

జమ్ము, మద్ది తమంతట తాము మొలిచేవి కాబట్టి నేల సంగతి చెబుతాయి. చింత అలా కాదు, ఎక్కువగా మనుషులు నాటి పెంచిన చెట్టు. కడప పక్కనున్న చింతకొమ్మదిన్నె పేరులో అడవి జాడ కంటే ఊరి జాడే ఎక్కువ. నేల స్వభావం 'దిన్నె'లో ఉంది, అంటే ఎత్తయిన చోటు. పెండ్లిమర్రి, చాగలమర్రి, తాడిమర్రి పేర్లలోని మర్రి కూడా బహుశా నీడకో పూజకో నిలిపి ఉంచిన ఒంటిచెట్టే, మర్రి అడవి కాదు. వేంపల్లెలోని వేప సాక్ష్యం మరీ బలహీనం, వేప లేని ఊరు సీమలో ఎక్కడుంది?

తుమ్మతో ఇంకో చిక్కు. వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరులోని తుమ్మ నల్లతుమ్మ అయ్యుండాలి. ఇప్పుడు చెరువుల్లో, బీళ్లలో కమ్మేసిన సర్కారు తుమ్మ 19వ శతాబ్దం చివర్లో విదేశాల నుంచి తెచ్చినది. కంటికి కనబడే తుమ్మను పాత పేరుకు అంటగడితే లెక్క తప్పుతుంది.

మీ ఊరి పేరు చూసేటప్పుడు ముందు పాత రూపం వెతకండి. శాసనాల్లోనూ, బ్రిటిష్ అధికారి మెకంజీ సేకరించిన ఊళ్ల చరిత్రలైన కైఫీయతుల్లోనూ దొరకవచ్చు. 'వేము', 'తాళ్ల', 'మామిళ్ల' వంటి రూపాలు వేప, తాడి, మామిడివే. 'రేగడి' మాత్రం రేగుచెట్టు కాదు, నల్లమట్టి. తర్వాత కుంట, మడుగు, దిన్నె, పాడు వంటి రెండో సగం పట్టుకోండి. చివరగా ఊరి చుట్టూ పొలాల పేర్లు పెద్దవాళ్లను అడగండి. 'మద్దుల వంక', 'జమ్ముకుంట' లాంటివి రెండు మూడు ఒకేచోట దొరికితే ఊరిపేరుకు బలం వస్తుంది. ఏమీ దొరక్కపోతే, వలసొచ్చినవాళ్లు పాత ఊరి పేరే ఇక్కడా పెట్టుకుని ఉండొచ్చు, ఒక ఇంటిపేరూ ఊరికి అంటుకుని ఉండొచ్చు.