1బిలో పేరుంటే సరిపోతుందా? మ్యుటేషన్‌పై అపోహలు - వాస్తవాలు

పొలం కొనేవాళ్లు దస్తావేజు రాయించడానికి నా దగ్గరికి వచ్చేసరికి బేరం కుదిరిపోయి ఉంటుంది, అడ్వాన్సు కూడా చేతులు మారి ఉంటుంది. "అన్నీ చూసుకున్నామండీ. మీభూమిలో 1బి తీశాం, అమ్మేవాడి పేరే ఉంది. పాసు పుస్తకం ఉంది. ఈసీలో తాకట్లు ఏమీ లేవు. ఇక మీరు రాయడమే తరువాయి" అంటారు. మీభూమి అంటే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు, 1బి అంటే ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ రికార్డు, ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక. రామాయపట్నం పోర్టు పనులు మొదలయ్యాక కందుకూరు, కావలి వైపు ఈ మాట మరీ ఎక్కువగా వింటున్నాను. అప్పుడు నేనడిగే ప్రశ్న ఒకటే: 1బిలోకి ఆయన పేరు దేని ఆధారంగా వచ్చింది? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు.

అపోహ: మ్యుటేషన్ అయి, 1బిలో పేరు ఉంటే భూమి ఆయనదే

ఎక్కువ మందిని ముంచుతున్నది ఈ నమ్మకమే, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. భూమి ఒకరి నుంచి మరొకరికి మారిందని రెవెన్యూ రికార్డులో రాసుకోవడమే మ్యుటేషన్. కొనుగోలు, వారసత్వం, భాగపంపకం, దానం, వీలునామా, కోర్టు డిక్రీ, వీటిలో ఏదో ఒకటి జరిగితే తహశీల్దారు విచారణ చేయించి పేరు మారుస్తారు. హక్కు ఆ కారణం వల్ల వస్తుంది. పేరు మార్పు దాన్ని నమోదు చేస్తుంది, అంతే. మ్యుటేషన్ వల్ల హక్కు పుట్టదు, ఉన్న హక్కు పోదు అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

అయితే ఆ నమోదుకు విలువే లేదని అనుకోవద్దు. తప్పని రుజువయ్యేదాకా 1బిలోని వివరాలను నిజమనే భావించాలని 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం చెబుతోంది. ఎవరైనా సివిల్ కోర్టుకు వెళ్లి తమ హక్కు రుజువు చేసుకుంటే ఆ తీర్పు ప్రకారం రికార్డును సరిదిద్దాల్సిందే. కొన్నవాడికి చిక్కు వచ్చేది అక్కడే.

ఉలవపాడు వైపు జరిగిన ఒక వ్యవహారం చెబుతాను. నాలుగు ఎకరాల మామిడి తోట. తండ్రి 1987లో సొంత డబ్బుతో రిజిస్టర్డు క్రయ దస్తావేజు ద్వారా కొన్నాడు. వీలునామా రాయకుండానే 2012లో చనిపోయాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. కూతుళ్లకు పెళ్లిళ్లయ్యాయి, ఒకరు ఒంగోలులో, ఇంకొకరు చెన్నైలో ఉంటారు. తోట చూసుకునేది కొడుకే. కొన్నేళ్ల తర్వాత అతను వారసత్వం కింద పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాడు. కుటుంబ సభ్యులుగా తల్లినీ తననూ మాత్రమే చూపించాడు. తల్లి తనకు అభ్యంతరం లేదని ఒక కాగితం మీద వేలిముద్ర వేసింది. ఊళ్లో నోటీసు అతికించారు. ఊళ్లో లేని ఆడపడుచులు దాన్ని ఎలా చూస్తారు? గడువులోపల ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, పేరు మారింది. నాలుగు ఎకరాలూ అతని ఖాతాలోకి వచ్చాయి, పాసు పుస్తకమూ వచ్చింది.

కొన్నాయన వ్యాపారం చేసి కూడబెట్టిన డబ్బు మొత్తం పెట్టి ఆ నాలుగు ఎకరాలు కొన్నాడు. ఏడాది తిరగకుండానే ఇద్దరు కూతుళ్లూ భాగపరిష్కారానికి దావా వేశారు, అందులో ఈయన్నీ ప్రతివాదిగా చేర్చారు. సమన్లు అందిన తర్వాత ఆయన కాగితాలన్నీ సంచిలో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. "రికార్డు చూసే కొన్నాను కదండీ, నా తప్పేముంది?" అని అడిగాడు. ఆ మనిషి ముఖం చూస్తే నాకు మాట రాలేదు.

లెక్క చాలా సులువు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, ఇద్దరు కూతుళ్లకు సమాన వాటా. అంటే తలా ఒక ఎకరం. కూతురికి పెళ్లయిందా, కట్నం ఇచ్చారా అన్న మాటలతో ఈ వాటాకు సంబంధం లేదు. తల్లి వేలిముద్ర వేసిన కాగితం రిజిస్టరు కాలేదు కాబట్టి ఆమె ఎకరం కూడా కొడుక్కి బదిలీ కాలేదు. అమ్మినవాడికి హక్కు ఉన్నది ఒక్క ఎకరం మీదే. తనకు లేనిదాన్ని అతను అమ్మలేడు. కొన్నాయన నాలుగు ఎకరాలకు డబ్బు కట్టి ఒక ఎకరానికి వారసుడి స్థానంలో నిలబడ్డాడు. అది రోడ్డు పక్క ఎకరమా, వెనక ఉన్నదా అన్నదీ పంపకం తేలేదాకా తెలియదు. మిగతా డబ్బు అమ్మినవాడి నుంచి రాబట్టుకోవాలి, అతను అప్పటికే అప్పులు తీర్చేసి కూర్చున్నాడు. దావా నడుస్తున్నంత కాలం ఆ తోటను కొనడానికి ఎవరూ ముందుకు రారు, బ్యాంకు అప్పూ పుట్టదు.

"మరి ఈసీలో ఎందుకు కనిపించలేదు?" అంటారు. ఈసీలోకి వచ్చేది ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీ మాత్రమే. మనిషి చనిపోతే వారసులకు హక్కు దానంతటదే వస్తుంది, దానికి రిజిస్ట్రేషన్ ఉండదు. వీలునామా రిజిస్టరు చేయించినా దాన్ని వేరే పుస్తకంలో రాస్తారు కాబట్టి అదీ ఈసీలోకి రాదు. ఈ తోట ఈసీలో ఉన్నది ఒకే ఒక్క నమోదు, 1987లో తండ్రి కొనుగోలు. దాన్ని చూసి ఏ చిక్కూ లేదనుకున్నారు.

ఆ సంచిలోని కాగితాలను బల్ల మీద పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించాను. ఈసీ ప్రకారం చివరి హక్కుదారు తండ్రి. 1బిలో పట్టాదారు కొడుకు. ఈ రెండు పేర్ల మధ్య రిజిస్టరైన కాగితం ఒక్కటీ లేదు. 1బిలో భూమి ఏ విధంగా సంక్రమించిందో చెప్పే గడి ఒకటి ఉంటుంది, అందులో "వారసత్వం" అని స్పష్టంగా ఉంది. తండ్రి నుంచి కొడుక్కి మధ్యలో ఇంకెవరున్నారని అడగాల్సింది ఆ మాట దగ్గరే.

కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే ఈసీ, 1బి, పొలం ఎవరి సాగులో ఉందో చూపే అడంగల్ మూడూ పక్కన పెట్టుకోండి. ఈసీలో చివరగా కొన్నవాడి పేరూ 1బిలోని పేరూ ఒకటే అయితే సగం దిగులు తీరినట్టే. వేరైతే ఆ మార్పుకు ఆధారమైన తహశీల్దారు ఉత్తర్వు నకలు, దరఖాస్తుతో పెట్టిన కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం ఇమ్మని అమ్మేవాడినే అడగండి. తన దగ్గర లేవంటే నకళ్లకు అతనిచేతే దరఖాస్తు పెట్టించండి. ఇవ్వకుండా నెలల తరబడి తిప్పుతుంటే ఆ బేరం వదిలేయమనే నేను చెబుతాను. కాగితం వచ్చాక దాన్ని మాత్రమే నమ్మకుండా ఊళ్లోకి వెళ్లి, చనిపోయినాయనకు సంతానం ఎంతమంది, ముందు చనిపోయిన బిడ్డలకు పిల్లలున్నారా అని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను అడగండి. రచ్చబండ దగ్గర పది నిమిషాల్లో తేలే సంగతి అది. వారసులు ఎక్కువ మంది ఉంటే అందరూ క్రయ దస్తావేజులో అమ్మకందారులుగా సంతకం పెట్టాలి, లేదా అంతకు ముందే తమ హక్కు వదులుకుంటూ రిజిస్టర్డు హక్కు విడుదల దస్తావేజు రాసి ఇవ్వాలి. తెల్ల కాగితం మీద సంతకం, సాక్షిగా సంతకం, ఫోనులో "మా తమ్ముడు ఏం చేసినా సరే" అన్న మాట, ఇవేవీ దానికి సాటిరావు. భూమి తాతల నాటిదైతే వాటాల లెక్క వేరుగా ఉంటుంది, దాన్ని వకీలు దగ్గర తేల్చుకోండి. అప్పుడు కూడా కూతుళ్లను వదిలేయడానికి లేదు.

అడంగల్‌లో పట్టాదారు గడి పక్కనే అనుభవదారు గడి ఉంటుంది, అదీ చదవండి. అక్కడ వేరే పేరుంటే ఆ మనిషి కౌలుదారా, అన్నదమ్ముడా, పాత కొనుగోలుదారా అన్నది నేరుగా అతన్నే కలిసి కనుక్కోవాలి.

అపోహ: 1బిలో తండ్రి పేరే ఉన్నా ఫరవాలేదు, కొన్నాక మనమే మార్పించుకోవచ్చు

అమ్మేవాడు తన పేరు మీదికి మార్చుకోలేకపోయాడంటే దానికి కారణం ఉంటుంది. చాలాసార్లు ఆ కారణం ఇంట్లో గొడవే. ఆ గొడవను మీ డబ్బుతో కొనుక్కోవద్దు. పేరు మార్పు అతను చేయించుకున్న తర్వాతే రిజిస్ట్రేషన్ అని ఒప్పంద పత్రంలో రాయించండి.

అపోహ: ఇప్పుడు రిజిస్ట్రేషన్ అయితే మ్యుటేషన్ దానంతటదే అయిపోతుంది

వ్యవసాయ భూమి రిజిస్టరు కాగానే వివరాలు రెవెన్యూ వైపుకు ఆన్‌లైన్‌లో వెళ్తాయన్నది నిజమే. వెళ్లినంత మాత్రాన పేరు మారినట్టు కాదు, తహశీల్దారు ఆమోదించాలి. అమ్మినవాడి ఖాతాలో అంత విస్తీర్ణం లేకపోయినా, సర్వే నంబరు సబ్‌డివిజన్ తేలకపోయినా, రీసర్వే అయిన ఊళ్లో భూమి ముక్కకు కొత్తగా ఇచ్చే ఎల్‌పీఎం నంబరు నలుగురికీ కలిపి ఒకటే పడినా అక్కడే ఆగిపోతుంది. కొన్నవాళ్లు దస్తావేజు బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి ఆ సంగతి చూడరు. ఈలోగా రికార్డులో పాత పేరే ఉంటుంది కనుక, మీకు అమ్మిన భూమినే చూపించి అతను అప్పు తెచ్చుకోవచ్చు, ఇంకొకరి దగ్గర బయానా కూడా పట్టవచ్చు. కొన్న నెలా రెండు నెలల్లో మీ ఖాతా 1బి తీసి చూడండి. దాంతోపాటు అమ్మినవాడి ఖాతా 1బి కూడా తీసి, అందులో మీరు కొన్న ఎకరాలూ సెంట్లూ తగ్గాయో లేదో చూడండి. తగ్గకపోతే దస్తావేజు నకలుతో గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెట్టి రసీదు దాచుకోండి. తిరస్కరిస్తే కారణం రాసిన ఉత్తర్వు అడిగి తీసుకోండి, దాని మీద ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు.

మరికొన్ని, క్లుప్తంగా

జిల్లా మారింది కాబట్టి పాత కాగితాలు చెల్లవని ఎవరో పుట్టించారు. కందుకూరు ప్రాంతం 1970 దాకా నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలో ఉండేది, 2022లో మళ్లీ నెల్లూరులో చేరింది. దస్తావేజు మీద ఏ జిల్లా పేరున్నా అది చెల్లుతుంది. ఈ పుకారు పట్టుకుని మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోమని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

శిస్తు రసీదు ఉంటే హక్కు వచ్చినట్టే అనేది తప్పు. శిస్తు ఎవరు కట్టినా తీసుకుంటారు.

అసైన్డ్ భూమికి, 22ఎ నిషేధిత జాబితాలో ఉన్న భూమికి 1బిలో పేరు కనిపించవచ్చు. పేరున్నంత మాత్రాన అమ్మే హక్కు ఉన్నట్టు కాదు. ఆ జాబితాలో సర్వే నంబరు ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో విడిగా చూసుకోవాలి.

ఇప్పటికే కొనేసి, ఇది చదివి కంగారు పడుతున్నవాళ్లు ఉంటారు. అమ్మినవాడికి తోబుట్టువులు ఉన్నారని తేలితే, వాళ్లు కోర్టుకు వెళ్లేదాకా ఆగకండి. మీరే వెళ్లి మాట్లాడండి. వాటాకు తగిన సొమ్ము అమ్మినవాడిచేత ఇప్పించి, వాళ్లతో హక్కు విడుదల దస్తావేజుగానీ ధృవీకరణ దస్తావేజుగానీ రాయించి రిజిస్టరు చేయించుకోవచ్చు. దావా పడకముందు చాలా కుటుంబాలు దీనికి ఒప్పుకుంటాయి. ఉలవపాడు తోట విషయంలో పెద్ద కూతురు నాతో అన్నది కూడా అదే: "అమ్మే ముందు మమ్మల్ని ఒక్కమాట అడిగి ఉంటే సంతకం పెట్టేవాళ్లమండీ."